మా రోజుల్లో స్లాట్లు లెక్కపెట్టి బోర్డు కొనేవాళ్ళం

ఇప్పుడు సిస్టమ్ కట్టించుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు ముందుగా క్యాబినెట్ చూపిస్తున్నారు. ఫోన్‌లో బొమ్మ తీసి, ముందూ పక్కా అద్దం, లోపల రంగురంగుల ఫ్యాన్లు చూపించి, "అంకుల్, ఇది ఫిక్స్. ఇందులో పట్టే బోర్డు చెప్పండి" అంటారు. ఏం పని చేస్తారో చెప్పరు, ఏ కార్డులు పెడతారో చెప్పరు. అద్దంలోంచి ఏం కనిపించాలో మాత్రం చెబుతారు. ఈ వరసే నాకు నచ్చదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి సామాను ఏరుకొచ్చి సిస్టమ్‌లు కట్టిన వాళ్ళం మేము. అప్పట్లో మా మొదటి ప్రశ్న ఒక్కటే ఉండేది: "ఎన్ని కార్డులు పెట్టుకుంటారు?" దాని జవాబును బట్టి బోర్డు, బోర్డును బట్టి క్యాబినెట్.

ఆ ప్రశ్నకు అప్పట్లో బలమైన కారణం ఉంది. బోర్డు మీద ఇప్పటిలా అన్నీ ఉండేవి కావు. బొమ్మ రావాలంటే డిస్‌ప్లే కార్డు, పాట వినాలంటే సౌండ్ కార్డు, ఇంటర్నెట్ కావాలంటే మోడెమ్ కార్డు, పక్క సిస్టమ్‌తో కలపాలంటే ల్యాన్ కార్డు, టీవీ చూడాలంటే ట్యూనర్ కార్డు. డీటీపీ సెంటర్ వాళ్ళయితే స్కానర్ కోసం ఇంకో కార్డు తెచ్చేవాళ్ళు. ఒక్కోదానికీ ఒక్కో స్లాట్ కావాలి. 1998లో ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్‌తో వచ్చిన పెంటియం 2 బోర్డులు తీసుకోండి. ఒక ఏజీపీ స్లాట్, నాలుగో అయిదో పీసీఐ స్లాట్లు, ఒకటో రెండో ఐఎస్ఏ స్లాట్లు ఉండేవి. ఐఎస్ఏ నల్లగా పొడుగ్గా, పీసీఐ తెల్లగా, ఏజీపీ గోధుమరంగులో కాస్త లోపలికి జరిగి కనిపించేది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు కూడా బోర్డును పైనుంచి ఒక్కసారి చూసి దేంట్లో ఏది పడుతుందో చెప్పేసేవాడు. రంగు చూస్తే చాలు, స్లాట్ ఏమిటో తెలిసేది.

అంతకు ముందున్న ఏటీ బోర్డుల కాలాన్ని మాత్రం నేను పొగడను. ఎస్‌ఎంపీఎస్ నుంచి పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు వచ్చేవి. నల్ల వైర్లు నాలుగూ మధ్యలో పక్కపక్కన ఉండేలా గుచ్చాలి. తారుమారైతే బోర్డు పోయినట్టే. పవర్ బటన్ దాకా ఇంట్లో కరెంటే నేరుగా వచ్చేది. ప్రాసెసర్ ఎక్కడో కార్డుల దారిలో ఉండేది కాబట్టి, పొడుగు కార్డు పెడితే దాని హీట్‌సింక్‌కు తగిలేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ తెచ్చి ఈ తలనొప్పులన్నీ ఒక్కసారిగా తీర్చింది. ఒకే కనెక్టర్, తిరగేసి పెట్టడానికి వీల్లేని ఆకారం. ప్రాసెసర్ కార్డుల దారిలోంచి తప్పుకుని పై భాగానికి వెళ్ళింది. కీబోర్డు, మౌస్, ప్రింటర్ పోర్టులన్నీ వెనక ఒకే చోటికి చేరాయి. బోర్డు కొలత 305 మిల్లీమీటర్లు పొడుగు, 244 వెడల్పు. వెనకాల కార్డులు బయటికి చూసే గాడులు ఏడు. అప్పట్లో ఆ ఏడూ నిండే రోజులు నిజంగా ఉండేవి.

తర్వాత సౌండు బోర్డులోకి వచ్చింది, ల్యాన్ వచ్చింది, చివరికి డిస్‌ప్లే కూడా వచ్చింది. కార్డులు తగ్గాక బోర్డు కూడా తగ్గింది. 1997 చివర్లో మైక్రో ఏటీఎక్స్ వచ్చింది. 244కి 244, చదరంగా, నాలుగు గాడులతో. 2001లో తైవాన్‌లోని వయా కంపెనీ మినీ ఐటీఎక్స్ తెచ్చింది. అది 170కి 170, ఒకే ఒక్క స్లాట్. ఆ తర్వాత ఇంటెల్ బీటీఎక్స్ అని ఇంకో పద్ధతి తెచ్చి అందరినీ దానికి మార్చాలని చూసింది. 2006లో తనే వదిలేసింది. అది నిలబడి ఉంటే ఇళ్ళలో ఉన్న క్యాబినెట్లన్నీ పాత సామానుకు వెయ్యాల్సి వచ్చేది. నిలబడకపోవడమే మంచిదైంది.

ఏటీఎక్స్, మైక్రో ఏటీఎక్స్, మినీ ఐటీఎక్స్ అనే ఈ మూడు సైజుల్లో అందరూ మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మూడు బోర్డులనూ ఒకే మూలనుంచి కొలుస్తారు. వెనకాల పోర్టులు ఉండే ఎడమ పైమూల మూడింటికీ ఒకటే. పోర్టుల చుట్టూ ఉండే రేకు పట్టీ కొలతా ఒకటే. స్క్రూ రంధ్రాలు కూడా చాలావరకు కలుస్తాయి. మినీ ఐటీఎక్స్‌కు ఉన్న నాలుగు రంధ్రాలూ ఏటీఎక్స్ రంధ్రాల్లోవే. అందుకే చిన్న బోర్డు పెద్ద క్యాబినెట్‌లో పడుతుంది, పెద్ద బోర్డు చిన్న క్యాబినెట్‌లో పట్టదు. 1990ల చివర్లో కొన్న మంచి ఏటీఎక్స్ క్యాబినెట్‌లో నిన్న వచ్చిన బోర్డు ఇవాళ బిగుస్తుంది. కంప్యూటర్లలో ఇంకేదీ ఇన్నేళ్ళు మాట తప్పకుండా నిలబడలేదు. గాలి సరిపోతుందా, గ్రాఫిక్స్ కార్డు పొడుగు పడుతుందా అన్నది వేరే సంగతి. స్క్రూ మాత్రం పడుతుంది.

అయితే ఈ కొలత ఒక్కదాన్ని పట్టుకుని ఇప్పటివాళ్ళు బోర్డు కొనేస్తున్నారు. బోర్డు సైజు స్థలం విస్తీర్ణం లాంటిది. అందులో ఇల్లెలా కట్టారో, గదులెన్నో అది చెప్పదు. ఏటీఎక్స్ అన్నంత మాత్రాన ఏడు స్లాట్లు ఉండవు. ఇప్పుడు చాలా ఏటీఎక్స్ బోర్డుల్లో మూడు నాలుగు స్లాట్లకు మించి ఉండటం లేదు. మిగిలిన జాగాలో ఎం.2 డిస్కులు, వాటి మీద అలంకారపు రేకులు. మైక్రో ఏటీఎక్స్ అంటే నాలుగు స్లాట్లూ ఉన్నాయని కాదు, రెండుండొచ్చు. పైగా రంగుతో పోల్చుకునే రోజులు పోయాయి. అన్నీ నల్లగా, అన్నీ పొడుగ్గా ఉంటాయి. పైనున్న పొడుగు స్లాట్‌కు పదహారు లేన్లూ ఉంటే, కిందున్న పొడుగు స్లాట్‌కు లోపల నాలుగే ఉండొచ్చు, ఒక్కటే కూడా ఉండొచ్చు. చూపుకు రెండూ ఒకటే. టార్చిలైటు వేసి స్లాట్ లోపలికి చూస్తే చాలా బోర్డుల్లో సంగతి తేలిపోతుంది. పిన్నులు పొడుగులో దాదాపు అయిదింట రెండు వంతుల దాకే ఉండి తర్వాత ఖాళీగా ఉంటే అది నాలుగు లేన్ల స్లాటు. బోర్డు వివరాల కాగితంలో కూడా ఆ స్లాటు ఎదురుగా ఎక్స్4 మోడ్ అనో ఎక్స్1 మోడ్ అనో చిన్నగా రాసి ఉంటుంది. ఆ ఒక్క వరుస చదవకుండా బోర్డు కొనకూడదని నేను ఎంతమందికి చెప్పానో.

ఈ మధ్య జరిగిన ఒక సంగతి చెబుతాను. నల్గొండ వైపు నుంచి ఒక కుర్రాడు సిస్టమ్ మోసుకుని వచ్చాడు. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. మాఘమాసంలో ముహూర్తాలు మొదలైతే అతనికి నిద్ర ఉండదు. రెండు మూడు కెమెరాల్లో 4కే రికార్డింగు, హల్దీ, సంగీత్, పెళ్ళి, రిసెప్షన్ అంటూ రోజుల కొద్దీ ఫుటేజీ. ఏదో షాపులో సిస్టమ్ కట్టించుకున్నాడు. క్యాబినెట్ చిన్నది, అద్దాలది, మైక్రో ఏటీఎక్స్ దాకే పడుతుంది, వెనక నాలుగు గాడులు. బోర్డు హెచ్610 చిప్‌సెట్‌ది. ప్రాసెసర్ మంచిదే. గ్రాఫిక్స్ కార్డు కూడా మంచిదే, రెండున్నర స్లాట్ల మందం.

"అంకుల్, ఇంకో ఎం.2 డిస్క్ పెట్టాలె. ర్యామ్ పెంచాలె. పెళ్ళిళ్ళ లైవ్ కోసం 4కే క్యాప్చర్ కార్డు కూడా కొన్న. గివన్నీ వేసి ఇయ్యిరి" అన్నాడు.

అద్దం తీసి లోపల చూశాను. ర్యామ్ స్లాట్లు రెండే, రెండింట్లోనూ ఎనిమిదేసి జీబీలు. హెచ్610 అంటేనే అంత. ఆ చిప్‌సెట్ బోర్డు ఏ సైజులో కొన్నా రెండు ర్యామ్‌లకు మించి ఉండవు. ఎం.2 స్లాటు ఒక్కటే, అందులో విండోస్ ఉన్న డిస్కు. గ్రాఫిక్స్ కార్డు మొదటి గాడిలో కూర్చుంది. రెండున్నర స్లాట్ల మందం అంటే లెక్కలో మూడు. ఆ సగం ఎవరికీ పనికిరాదు. మొదటి మూడు గాడులూ దాని కిందికే వెళ్ళాయి. బోర్డు మీద ఉన్న రెండో స్లాటు, చిన్నది, ఒక్క లేన్‌ది, సరిగ్గా ఆ కార్డు కింద దాక్కుని ఉంది. నాలుగో గాడికి ఎదురుగా బోర్డు మీద స్లాటే లేదు.

అతను కోరిన మూడింట్లో ఒక్కటీ నేరుగా జరిగే దారి లేదు. ర్యామ్ పెంచాలంటే ఉన్న రెండూ తీసేసి పెద్దవి రెండు కొనాలి, పాతవి అమ్ముకోవాలి. రెండో ఎం.2 డిస్కు పెట్టడానికి చోటు లేదు. స్లాట్‌లో పెట్టే ఎం.2 అడాప్టర్ కార్డు దొరుకుతుంది కానీ డిస్కు వేగం పూర్తిగా రావాలంటే దానికి నాలుగు లేన్ల స్లాటు కావాలి. క్యాప్చర్ కార్డు డబ్బా మీద కూడా నాలుగు లేన్లు కావాలనే ఉంది. గ్రాఫిక్స్ కార్డు తీసేసి ఒక్క లేన్ స్లాట్‌ను బయటికి తెచ్చినా ప్రయోజనం లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో ఒక్క లేన్ అంటే సెకనుకు దాదాపు ఒక జీబీ, నాలుగు లేన్లంటే దాదాపు నాలుగు జీబీలు. 4కే బొమ్మను కుదించకుండా తీసుకునే కార్డుకు ఆ ఒక్కటి చాలదు. ఇవన్నీ కొనే రోజున బోర్డు కాగితం చూస్తే తెలిసే సంగతులే. కట్టిన షాపువాళ్ళు అతని పనేమిటో అడిగి ఉంటే సరిపోయేది. బోర్డు మీద అతనికి మిగిలింది రెండు మూడు వేలు. ఆ రెండు మూడు వేలకు అతని ముందు దారులన్నీ మూసుకుపోయాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అతనికి నేను చెప్పింది ఇది. ప్రాసెసర్ మార్చక్కర్లేదు. అదే సాకెట్‌కు బి760 చిప్‌సెట్ బోర్డులు వస్తాయి. పాత ర్యామ్ డీడీఆర్4 కాబట్టి డీడీఆర్4 తీసుకునే రకమే చూసుకోవాలి. ఇందులోనూ డీడీఆర్5 రకాలున్నాయి, డబ్బా మీద పేరు దాదాపు ఒకేలా ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ సైజే చాలు, కానీ నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, నాలుగు లేన్ల స్లాటు నాలుగో గాడి ఎదురుగా ఉండాలి. బి760 మైక్రో ఏటీఎక్స్ బోర్డులన్నిట్లో అలా ఉండదు. కొన్నిట్లో కింద ఒక్క లేన్ చిన్న స్లాట్లు పెట్టి సరిపెట్టారు. అందుకే బోర్డు ఫోటోను నిలువుగా పెట్టుకుని, పైనుంచి గాడులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేలుపెట్టి లెక్కించి, గ్రాఫిక్స్ కార్డుకు మూడు కొట్టేసి, మిగిలిన దానికి ఎదురుగా స్లాటు ఉందో లేదో చూడమన్నాను. మా రోజుల్లో షాపులో బోర్డు చేతికిచ్చేవాళ్ళు, చూసుకుని లెక్కపెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోటో మీదైనా ఆ లెక్క వెయ్యాలి.

క్యాబినెట్ మాత్రం మార్చమన్నాను. అద్దాల క్యాబినెట్ మీద అతనికి మమకారం, అయినా ఒప్పుకున్నాడు. నాలుగు గాడుల క్యాబినెట్‌లో నాలుగో గాడిలో కార్డు పెడితే, దాని కిందే ఎస్‌ఎంపీఎస్ మూత. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లకు ఒకవైపు ఆ కార్డు, దాని వెంటనే రేకు. వేసవిలో నల్గొండలో ఆ గదిలో రాత్రంతా రెండరింగు పెడితే ఏమవుతుందో ఊహించక్కర్లేదు, ఫ్యాన్లు గోల పెడతాయి, కార్డు వేగం తగ్గించుకుంటుంది. ఏడు గాడుల ఏటీఎక్స్ క్యాబినెట్‌లో అదే మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెడితే కింద మూడు గాడుల జాగా ఖాళీగా ఉండి గాలి ఆడుతుంది. గ్రాఫిక్స్ కార్డుకూ క్యాప్చర్ కార్డుకూ మధ్య దూరం పెరగదు, అది బోర్డు మీద ఉన్నదే. క్యాప్చర్ కార్డు పొట్టిది కాబట్టి ఒక ఫ్యాన్‌కు మాత్రమే కొంచెం అడ్డొస్తుంది. రేపు నాలుగో గాడిలో రెండు స్లాట్ల మందమున్న కార్డు పెట్టాలన్నా పెద్ద క్యాబినెట్‌లోనే వీలు. చిన్నదాంట్లో అయిదో గాడే ఉండదు కదా. రెండు మూడు పెద్ద హార్డ్ డిస్కులకు చోటు కూడా దొరికింది. పెళ్ళి ఫుటేజీ ఏడాది దాకా దాచకపోతే పార్టీలు ఊరుకోరని అతనే చెప్పాడు.

కొత్త క్యాబినెట్ ముందు టైప్ సీ పోర్టు ఉందని మురిసిపోయాడు. దానికి బోర్డు మీద వేరే సాకెట్ ఉండాలి. చవక బోర్డుల్లో అది ఉండదు, ఆ వైరు వేలాడుతూ ఉంటుంది. కొత్త బోర్డులో ఉంది కాబట్టి పని చేసింది.

పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు బిగించేటప్పుడు ఒక మెలిక ఉంది. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు ఉంటాయి. వాటి మీదే బోర్డు కూర్చుంటుంది. ఏటీఎక్స్‌కు మూడు వరుసల్లో తొమ్మిది. మైక్రో ఏటీఎక్స్‌కు పైనున్న రెండు వరుసలూ అవే, కానీ కింది వరుస వేరే చోట, కాస్త పైన ఉంటుంది. కొత్త క్యాబినెట్‌లో ఏటీఎక్స్‌కే ముందుగా బిగించి ఇస్తారు. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెట్టినప్పుడు కింది వరుసకు మనమే స్టాండాఫ్‌లు తీసి బిగించాలి. అలా చెయ్యకపోతే బోర్డు కింది అంచు గాల్లో ఉంటుంది, నాలుగో గాడిలో కార్డు నొక్కినప్పుడల్లా వంగుతుంది. చవక మైక్రో ఏటీఎక్స్ బోర్డుల్లో ఇంకో దౌర్భాగ్యం ఉంది. పేరు మైక్రో ఏటీఎక్సే, పొడుగు సరిపోతుంది, కానీ వెడల్పు 244 ఉండదు. 200 లోపు కోసేస్తారు. అప్పుడు కుడివైపు రంధ్రాల వరుసే ఉండదు. సరిగ్గా ఆ అంచుకే ర్యామ్‌లూ, ఇరవై నాలుగు పిన్నుల పెద్ద పవర్ కనెక్టరూ ఉంటాయి. దాన్ని గట్టిగా నొక్కితే బోర్డు విల్లులా వంగుతుంది. అలాంటి బోర్డుకు వీలైతే క్యాబినెట్‌లో పెట్టకముందే ర్యామ్ గుచ్చుకోవాలి, పెద్ద కనెక్టర్ పెట్టేటప్పుడు కింద వేలు ఆనించి పట్టుకోవాలి.

దీనికి తిరగేసిన సమస్య ఇంకా చెడ్డది. ఒక ఇంజినీరింగ్ కుర్రాడు మైక్రో ఏటీఎక్స్ బోర్డు తీసేసి, అదే క్యాబినెట్‌లో ఏటీఎక్స్ బోర్డు తనే బిగించుకున్నాడు. బటన్ నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. ఎస్‌ఎంపీఎస్ పోయిందని ఒకరు, బోర్డు పోయిందని ఒకరు చెప్పారట, కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనిపించారు కూడా. మైక్రో ఏటీఎక్స్ కింది వరుస స్టాండాఫ్‌లు తియ్యకుండా వదిలేశాడు. ఏటీఎక్స్ బోర్డుకు అక్కడ రంధ్రాలు లేవు. ఇత్తడి ముక్క నేరుగా బోర్డు వెనక టంకం చుక్కలకు ఆనింది, షార్టయింది. దాన్ని పోల్చుకునే పద్ధతి తేలిక. బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ మాత్రం ఉంచి, పవర్ బటన్ పిన్నులు రెండూ స్క్రూడ్రైవర్‌తో తాకించాలి. బయట ఆడి, లోపల ఆడకపోతే తప్పు క్యాబినెట్‌లోనే ఉంది. అతని బోర్డు బతికింది. అన్ని బోర్డులకూ ఆ అదృష్టం ఉండదు. బోర్డును దించేముందు రంధ్రాలు లెక్కపెట్టాలి, స్టాండాఫ్‌లు లెక్కపెట్టాలి, రెండు లెక్కలూ కలవాలి. మా రోజుల్లో పనిలో చేరినవాడికి మొదటి రోజు నేర్పే పాఠం ఇది. ఇప్పుడు వీడియో చూసి బిగించేవాళ్ళకు ఫ్యాన్ల రంగులు ఎలా మార్చాలో తెలుసు, ఇది తెలియదు.

మినీ ఐటీఎక్స్ మీద నాకు పగేమీ లేదు. దాన్ని ముచ్చటపడి కొనేవాళ్ళ మీదే నా ఫిర్యాదు. ఒక్క స్లాటు, రెండు ర్యామ్‌లు, ఎం.2లు ఒకటో రెండో. రెండోది ఉంటే తరచూ బోర్డు వెనకవైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే కొన్ని క్యాబినెట్లలో మొత్తం విప్పాలి. ఇరుకు జాగాలో అన్నీ పొందించాలి కాబట్టి అదే చిప్‌సెట్ మైక్రో ఏటీఎక్స్ కంటే ధర ఎక్కువ. మరీ చిన్న క్యాబినెట్లకు మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టదు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అని చిన్న రకం కొనాలి, దాని ధరా ఎక్కువే. కూలర్ ఎత్తు చూసుకోవాలి. నూట యాభై అయిదు మిల్లీమీటర్లుండే మామూలు టవర్ కూలర్ చాలావాటిలో పట్టదు. ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగేళ్ళ తర్వాత బోర్డు పోతే ఇంకో ఎత్తు. పాత సాకెట్‌కు మైక్రో ఏటీఎక్స్ బోర్డు సెకండ్‌హ్యాండ్‌లో ఏ షాపులోనైనా దొరుకుతుంది. మినీ ఐటీఎక్స్ కోసం ఊరంతా తిరగాలి. దొరక్కపోతే ప్రాసెసర్, ర్యామ్ బాగున్నా పక్కన పడెయ్యాలి, లేదా క్యాబినెట్ కూడా మార్చాలి. ఎందుకంటే ఆ చిన్న క్యాబినెట్‌లో వేరే బోర్డు పట్టదు.

కానీ అదే ఎడిటింగ్ కుర్రాడికి రెండో సిస్టమ్ మినీ ఐటీఎక్స్‌లోనే కట్టమని నేనే చెప్పాను. పెళ్ళిళ్ళ లైవ్ కోసం. ఫంక్షన్ హాల్‌కు ప్రతిసారీ మోసుకెళ్ళాలి, స్టేజీ పక్కన బల్ల మీద పెట్టాలి, తెల్లారి ముహూర్తమైతే మళ్ళీ కారులో ఇంకో ఊరు. అక్కడ కావాల్సిన కార్డు ఒక్కటే, నాలుగు కెమెరాల హెచ్‌డీఎంఐలు తీసుకునే క్యాప్చర్ కార్డు. అలాంటి వాటిలో కొన్నిటికి ఎనిమిది లేన్లు కావాలి. మినీ ఐటీఎక్స్‌లో ఉన్న ఆ ఒక్క స్లాటు పదహారు లేన్లది, కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే లైవ్ వీడియోను కుదించి పంపే పని చేస్తుంది. అందుకని పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్ కొనకూడదు, అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఒక్క పని, ఒక్క కార్డు, ఒక్క స్లాటు. లెక్క సరిపోయింది. పాత క్యాప్చర్ కార్డు ఇంట్లో ఉన్న పెద్ద సిస్టమ్‌లోనే ఉండిపోయింది.

ముందుముందు పెంచుకోవడం గురించి కూడా ఇప్పటివాళ్ళ లెక్కలు నాకు అర్థం కావు. "రేపు ప్రాసెసర్ మారుస్తాను" అంటూ ఖరీదైన ఏటీఎక్స్ బోర్డు కొంటారు. ఏఎండీ ఏఎం4 సాకెట్ లాగా ఏళ్ళ తరబడి కొత్త ప్రాసెసర్లు వచ్చిన సందర్భం ఉంది, నిజమే. ఇంటెల్ వైపు మాత్రం రెండు మూడు తరాలకు సాకెట్ మారుతోంది, ప్రాసెసర్‌తో పాటు బోర్డూ మారుతోంది. నేను చూసినంతలో జనం నిజంగా మార్చేవి మూడే: ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు. కాబట్టి భవిష్యత్తు కోసం ఖర్చు పెట్టాలనుకునేవాళ్ళు బోర్డు సైజు మీద కాదు, ఖాళీగా మిగిలే స్లాట్ల మీద పెట్టాలి. రెండు ర్యామ్‌లు పెట్టాక ఇంకా రెండు ఖాళీగా ఉన్నాయా, ఒక ఎం.2 నిండాక ఇంకోటి ఉందా, ఆ రెండో ఎం.2 వాడితే ఒక సాటా పోర్టు పని చెయ్యదని బోర్డు కాగితంలో రాసి ఉందా. ఇది చాలామందికి తెలియదు, హార్డ్ డిస్కు పోయిందనుకుని నా దగ్గరికి వస్తారు. వైరు పక్క పోర్టుకు మారిస్తే డిస్కు కనిపిస్తుంది.

చివరిగా ఒక సంగతి, ముఖ్యంగా కాలేజీ పిల్లల తల్లిదండ్రులకు. ఆఫీసుల్లోంచి తీసేసిన బ్రాండెడ్ సిస్టమ్‌లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయి. చదువుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ "తర్వాత మంచి క్యాబినెట్‌లోకి మార్చుకుందాం, గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుందాం" అనే ఆశతో కొనొద్దు. లోపలి బోర్డు చూపుకు మైక్రో ఏటీఎక్స్ లాగే ఉంటుంది, చాలావాటిలో అది కాదు. కొనేముందు పక్క రేకు తీయించి మూడు చూడండి. బోర్డుకు వెళ్ళే పెద్ద పవర్ కనెక్టర్‌కు ఇరవై నాలుగు పిన్నులున్నాయా, లేక ఆరో ఎనిమిదో పిన్నుల సొంత రకమా. వెనక పోర్టుల చుట్టూ ఉన్న రేకు విడిగా ఊడి వచ్చేదా, లేక క్యాబినెట్ రేకులోనే కోసిందా. ముందున్న పవర్ బటన్ వైరు మామూలు చిన్న పిన్నులకు వచ్చిందా, లేక ఏదో ఒక ప్రత్యేకమైన ప్లగ్గుకా. మూడూ మామూలువైతే ఆ బోర్డు ఇంకో క్యాబినెట్‌లోకి వెళ్తుంది. ఒక్కటి కాకపోయినా, దాన్ని ఉన్నచోటే ఉన్నట్టుగా వాడుకోవాలి, ధర కూడా దానికి తగ్గట్టే బేరం ఆడాలి.